కుర్చీ మీద వేయండి, ఒంటి మీద కాదు: కల్చరల్ కమిటీలకు బహిరంగ లేఖ

విజయవాడ, గుంటూరు కాలేజీల్లో యాన్యువల్ డేలు, ఫేర్‌వెల్‌లు నడిపే కల్చరల్ కమిటీల విద్యార్థులకు, వాళ్ల వెనక నిలబడే అధ్యాపకులకు,

నమస్కారం.

పాటలకీ డాన్సులకీ మధ్య ఇప్పుడు దాదాపు ప్రతి ప్రోగ్రామ్ షీటులోనూ ఒక రోస్టో, ఒక వెక్కిరింపు స్కిట్టో ఉంటోంది. స్క్రిప్టు చేతికి రాగానే కమిటీ చేసే పనులు రెండు. బూతులు కొట్టేయడం, పేర్లు మార్చేయడం. ఈ రెండూ అయ్యాక కూడా హాల్లో ఏదో ఒక వరసలో ఒకరు తల దించుకుని కూర్చుంటున్నారు. ఒక్క బూతూ లేకుండా మనిషిని నలగ్గొట్టొచ్చు. పేరు మార్చినా నడక, నత్తి, ఒంటి రంగు చూపిస్తే అందరికీ మనిషి తెలిసిపోతాడు. చూడాల్సిన మూడోది ఒకటుంది: దెబ్బ ఎటు పోతోంది అన్నది. మనకంటే బలమున్నవాళ్ల మీద, మన బతుకు మీద సంతకం పెట్టే వాళ్ల మీద పడితే దాన్ని పంచింగ్ అప్ అంటారు. మనకంటే బలం తక్కువున్నవాళ్ల మీద, తిరిగి ఒక మాట అనలేని వాళ్ల మీద పడితే పంచింగ్ డౌన్. ఈ ఉత్తరంలో పై దెబ్బ, కింది దెబ్బ అని రాస్తాం.

వినడానికి తేలికే. కాగితం మీద పట్టుకోవడం కష్టం, ఎందుకంటే జోకు దేని గురించి అన్నది ఒకటి, ఎవరి మీద అన్నది వేరొకటి. హాస్టల్ మెస్ సాంబారు తీసుకుందాం. అది లేని ఫేర్‌వెల్ స్కిట్ ఉండదు కదా.

మామూలుగా వచ్చే స్క్రిప్టు ఇలా ఉంటుంది. ఒక కుర్రాడు మాసిన లుంగీ కట్టి, భుజాన తువ్వాలు వేసి, యాస పెట్టి వంటమనిషిగా వస్తాడు. స్టూడెంట్ అడుగుతాడు: "సాంబార్లో ముక్క ఏదీ?" వంటమనిషి: "ముక్క కావాలంటే లైఫ్ జాకెట్ ఏసుకుని దిగాల బాబూ!" హాలు నవ్వుతుంది. రాసినవాళ్లను అడిగితే "మేం సాంబారు మీద వేశాం, మనిషి మీద కాదు" అంటారు. వాళ్లు అబద్ధం ఆడటం లేదు. జోకు సాంబారు గురించే. దెబ్బ మాత్రం వంటమనిషి మీద పడింది.

దీన్ని తేల్చుకోవడానికి మేం వాడే పద్ధతి తీసేసి చూడటం. లుంగీ తీసేయండి, యాస తీసేయండి, తువ్వాలు తీసేయండి. మామూలు చొక్కా వేసుకున్న మనిషి మామూలు మాటల్లో అదే లైను చెప్పాలి. నవ్వు వచ్చిందా, ఆ వేషం అనవసరం, వదిలేయండి. నవ్వు రాలేదా, అప్పుడు జనం అంతసేపూ నవ్వింది సాంబారుకి కాదు, ఆ వేషానికి. అంటే ఒక పనివాడి బట్టకీ మాటకీ. ఈ లైఫ్ జాకెట్ లైనైతే వేషం లేకుండా చెప్పినా కొంచెం నవ్విస్తుంది. అంటే అందులో పనికొచ్చే సరుకు ఉంది, చేరాల్సిన చోటికి చేరలేదు, అంతే.

చేర్చడానికి రెండో ప్రశ్న: సంతకం ఎవరిది? సాంబారు పలచబడింది వంటమనిషి వల్లనా? గుండిగలో ఎన్ని కిలోల కందిపప్పు పడాలో అతను నిర్ణయించడు. స్టోరు నుంచి తూకం వేసి ఇస్తారు. ఆ తూకం ఇండెంటు మీద ఉంటుంది. ఆ ఇండెంటు రోజుకి ఒక్కో విద్యార్థికి ఇంత అన్న కాంట్రాక్టు రేటును బట్టి ఉంటుంది. ఆ రేటు మీద ఎవరో సంతకం పెట్టారు. పలచదనాన్ని పట్టుకుని వెనక్కి ఒక్కో మెట్టూ ఎక్కుతూ పోతే ఆ సంతకం దగ్గర ఆగుతాం. మీ జోకు గురి అక్కడ ఉండాలి. అప్పుడు స్కిట్ ఇలా మారుతుంది.

మెస్ కమిటీ సమావేశం. ఒకాయన పెద్ద కుర్చీలో కూర్చుని ఉంటాడు. "సార్, సాంబారు పలచగా ఉందంటున్నారు పిల్లలు." "ఎవరన్నారు? మొన్న నేను తిన్నాను, బ్రహ్మాండంగా ఉంది." "మీరు తిన్నది గెస్ట్ హౌస్‌లో సార్." "అయితే పిల్లల్ని కూడా గెస్టుల్లాగా ఉండమను, మూడు రోజులుండి వెళ్లిపొమ్మను." ఇంతలో వంటమనిషిని పిలుస్తారు. అతను మామూలు బట్టల్లో, మామూలు మాటల్లో వస్తాడు. "ఏమయ్యా, పప్పు ఎంత వేస్తున్నావు?" "మీరు సంతకం పెట్టినంత సార్."

సాంబారు అదే, వంటమనిషి అదే. మారిందల్లా, మొదటి స్కిట్లో వంటమనిషికి ఏమీ తెలియదు, రెండో దాంట్లో అందరికంటే ఎక్కువ తెలిసింది అతనికే. కింది దెబ్బ స్కిట్లలో బలం లేనివాడు ఎప్పుడూ మొద్దుగానే ఉంటాడు. వాచ్‌మన్ మొద్దు, పనిమనిషి మొద్దు, ఆటో డ్రైవర్ మొద్దు, పల్లెటూరి తండ్రి మొద్దు. ఒక్కసారి వాళ్లకి సంగతి తెలిసినట్టు రాసి చూడండి, దెబ్బ దానంతట అదే పైకి తిరుగుతుంది. ఇది ప్రతి స్కిట్‌కీ పనిచేసే మంత్రం కాదు గానీ, రిహార్సల్లో ఇరుక్కుపోయినప్పుడు మొదట ప్రయత్నించాల్సింది ఇదే.

ఇవన్నీ బయటి దేశం నుంచి దిగిన పట్టింపులని అనేవాళ్లున్నారు. కానీ 2022 దాకా మన గుంటూరు జిల్లాలోనే ఉన్న పల్నాటి ఇబ్బందుల మీదే రెండు చాటువులున్నాయి, రెండూ శ్రీనాథుడివని చెప్పుకుంటారు. ఒకటి "చిన్న చిన్న రాళ్లు, చిల్లర దేవుళ్లు" అని మొదలై నాగులేటి నీళ్లు, నాపరాళ్లు, సజ్జ జొన్న కూళ్లు, పాములు, తేళ్లు అంటూ పల్నాటి పల్లెల్ని లెక్కపెడుతుంది. రెండోది నీళ్లు దొరక్క శివుణ్ని పట్టుకుంటుంది. సిరి ఉన్నవాడు పదహారు వేల మందిని చేసుకున్నా చెల్లుతుంది, తిరిపెమెత్తుకునే నీకు ఇద్దరు పెళ్లాలెందుకు, గంగను వదులు, పార్వతి చాలు అంటుంది. సీమ ఒకటే. రాజాస్థానాల్లో సన్మానాలందుకున్న కవి మొదటి దాంట్లో సజ్జన్నం తినేవాడి కంచం వైపు చూశాడు. రెండో దాంట్లో నీళ్లన్నీ నెత్తిన పెట్టుకున్నవాణ్ని నిలదీశాడు. మొదటిది కూడా చక్కని పద్యమే, వినసొంపుగానే ఉంటుంది. కానీ పల్నాటి మనిషి ఎదుట కూర్చుని ఉండగా ఏది చదవగలరో మీకే తెలుసు.

ఇక్కడొక తప్పు తరచుగా జరుగుతోంది. పై దెబ్బ అంటే పెద్దవాళ్ల మీద ఏదైనా వేయొచ్చని అనుకుంటున్నారు. ప్రిన్సిపాల్ గారి బట్టతల, హెచ్‌ఓడీ గారి పొట్ట, లేడీ లెక్చరర్ ఒంటి రంగు, ఒక నాయకుడి ఇంగ్లీషు. వీటిలో ఏదీ పై దెబ్బ కాదు. పైకి విసిరారు, కింద పడింది. హాల్లో బట్టతల ప్రిన్సిపాల్ ఒక్కడిదే కాదు, ఇరవై ఏళ్లకే జుట్టు రాలుతున్న కుర్రాడు ఒకడు నాలుగో వరసలో ఉంటాడు. ప్రిన్సిపాల్ గారు నవ్వేసి వెళ్లిపోతారు. ఆ కుర్రాడికి మర్నాటి నుంచి అదే పేరు.

అందుకే మేం కుర్చీ, ఒళ్లు అని విడదీస్తాం. కుర్చీ అంటే ఆ మనిషి పదవి, తీసుకున్న నిర్ణయం, పెట్టిన రూలు, ఇచ్చి తప్పిన మాట. ఒళ్లు అంటే రంగు, ఎత్తు, నత్తి, కులం, యాస, ఆడతనం, ఇంట్లో డబ్బు లేకపోవడం. ఒకే మనిషికి రెండూ ఉంటాయి, కాబట్టి ఫలానా వాళ్ల మీద వేయొచ్చు, ఫలానా వాళ్ల మీద వద్దు అని జాబితా రాసుకుంటే పని జరగదు. అటెండెన్స్ 74 శాతం ఉందని హాల్ టికెట్ ఆపి, తన క్లాసుకి తనే నెలకి నాలుగుసార్లు రాని మేడం ఉందనుకోండి, ఆ జోకు కుర్చీ మీదిది, నిక్షేపంగా వేయండి. అదే మేడం చీర గురించో, పెళ్లి కాకపోవడం గురించో అయితే ఒంటి మీదిది. బుల్లెట్ బండి మీద కాలేజీకొచ్చే డబ్బున్న కుర్రాడికి నత్తి ఉందనుకోండి. బండి మీద ఎన్నైనా వేయండి, నత్తి జోలికి వెళ్లొద్దు. గెస్ట్ ఫ్యాకల్టీ విషయంలో మరీ జాగ్రత్త. ఆయన లెక్చరరే, మార్కులు వేస్తాడు, ఆ మేరకు కుర్చీ ఉంది. కానీ వచ్చే సంవత్సరం ఆ ఉద్యోగం ఉంటుందో లేదో ఆయనకే తెలియదు. ఆయన పాత చొక్కా మీద జోకు రాస్తే, సంతకం ఎవరిదన్న ప్రశ్న మళ్లీ వేసుకోండి.

నాయకుడి ఇంగ్లీషు దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే ఇది మన స్టేజీల మీద అన్నిటికంటే ఎక్కువగా వినపడే పై దెబ్బ వేషంలోని కింది దెబ్బ. నాయకుడు తప్పు ఇంగ్లీషు మాట్లాడినట్టు మిమిక్రీ చేస్తారు, హాలు దద్దరిల్లుతుంది. ఆ నాయకుడు అక్కడ లేడు, ఉన్నా అతనికి పోయేదేమీ లేదు. తెలుగు మీడియంలో చదివి, మొదటి సెమిస్టర్ సెమినార్‌లో నోరు తెరవడానికి వణికే పిల్లలు మాత్రం ఆ హాల్లో ఉన్నారు. నవ్వుతూనే వాళ్లు నేర్చుకునేది ఒక్కటే: తప్పు ఇంగ్లీషు మాట్లాడితే జనం ఇలా నవ్వుతారు. అదే నాయకుణ్ని పట్టుకోవాలంటే దారి ఉంది. సభలో అమ్మభాష అమృతం అని అరగంట మాట్లాడించి, "తొందరగా ముగించండి, మనవడి ఇంటర్నేషనల్ స్కూల్లో పేరెంట్స్ మీటింగ్ ఉంది" అని పీఏ చేత అతని చెవిలో చెప్పించండి. ఇప్పుడు గురి చెప్పే మాటకీ చేసే పనికీ మధ్య ఉంది. ఇది తెలుగు మీడియం పిల్లవాడు కూడా నిండుగా నవ్వగల జోకు.

యాస సంగతి మనం ప్రత్యేకంగా ఒప్పుకోవాలి. పుస్తకాల్లో, వార్తల్లో ప్రామాణిక తెలుగుగా నిలిచింది చాలావరకు కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల చదువుకున్నవాళ్ల మాట. మన మాటను ఎవరూ యాస అనరు, మిగతా అందరివీ యాసలే. కాబట్టి విజయవాడ స్టేజీ మీద శ్రీకాకుళం మాటను కూలివాడి పాత్రకీ, సీమ మాటను కత్తి పట్టినవాడికీ ఇస్తే, అది సమానుల మధ్య సరదా కాదు. ఇక్కడ బిల్డింగులకి ఇటుకలు మోసేవాళ్లలో ఉత్తరాంధ్ర నుంచి వచ్చినవాళ్లు ఎంతమందో మీకు తెలుసు. వాళ్ల పిల్లలు కొందరు మీ కాలేజీలోనే చదువుతున్నారు. యాస అసలు వాడొద్దని చెప్పడం లేదు. ఒక పని చేయండి, తెలివైన లైన్లు ఆ యాసకి ఇవ్వండి. లేదా బెజవాడ కుర్రాణ్ని శ్రీకాకుళం బస్టాండులో దింపండి. అన్నీ తెలిసినట్టు వెళ్లి, అక్కడ ఏ మాటా అర్థంకాక, చివరికి టిఫిన్ ఎలా అడగాలో ఎనిమిదేళ్ల పాప దగ్గర నేర్చుకునేలా రాయండి. నవ్వు ఎటు పోతుందో రిహార్సల్లోనే వినపడుతుంది. ఆ పాప పాత్ర ఆ ప్రాంతం విద్యార్థికే ఇస్తే మాట కూడా సరిగ్గా పలుకుతుంది. మన వాళ్లు చేసే యాస చాలాసార్లు ఏ జిల్లాదీ కాదు.

వైకల్యం గురించి సుప్రీంకోర్టు 2024 జూలైలో ఒక సినిమాపై వచ్చిన కేసులో ఇదే గీత గీసింది. వైకల్యం ఉన్న మనిషిని కించపరిచే హాస్యం ఒకటి, వైకల్యం గురించి జనంలో పాతుకుపోయిన అపోహల్ని ప్రశ్నించే హాస్యం ఒకటి, రెండూ ఒకటి కాదంది. స్కిట్ భాషలో చెప్పాలంటే, వీల్‌ఛైర్‌లో ఉన్న విద్యార్థి నడవలేకపోవడం మీద నవ్వు కింది దెబ్బ. లిఫ్ట్ లేని మూడో అంతస్తులో అతనికి పరీక్ష హాలు వేసి, గుమ్మం దగ్గర "దివ్యాంగులకు స్వాగతం" అని బ్యానర్ కట్టిన కాలేజీ మీద నవ్వు పై దెబ్బ. రెండోది రాసేటప్పుడు కూడా ఆ విద్యార్థిని అడగకుండా రాయకండి. అసలు ఇబ్బంది లిఫ్ట్ కాదు, ఇంకేదో అని అతను చెప్పొచ్చు, అప్పుడు స్కిట్ ఇంకా బలంగా వస్తుంది.

ఇక రోస్ట్. స్కిట్‌లో పాత్ర ఉంటుంది, రోస్ట్‌లో మనిషే కూర్చుని ఉంటాడు. కాబట్టి నియమాలు ఇంకొంచెం బిగించాలి. తిట్టించుకునేవాడి ఒప్పుకోలు మీదే అది నిలబడుతుంది. ఆ ఒప్పుకోలు అడగడంలోనే చాలా కమిటీలు తప్పు చేస్తున్నాయి. క్యాంటీన్‌లో పదిమంది ముందు "ఏరా, నిన్ను రోస్ట్ చేస్తాం, ఓకేనా?" అంటే కాదనడానికి దమ్ము కావాలి, కాదంటే అదే ఇంకో జోకవుతుంది. ఒక్కరే వెళ్లండి, విడిగా అడగండి, కనీసం మూడు రోజుల ముందు. "ముట్టుకోకూడని విషయాలు మూడో నాలుగో చెప్పు, కారణం చెప్పక్కర్లేదు" అనండి. జోకులు ముందే చూపిస్తే స్టేజీ మీద పస ఉండదు, అందుకని టాపిక్‌లు మాత్రం చెప్పండి. ఆ జాబితా రాసేవాళ్లందరికీ చేరిందో లేదో చూసుకునే బాధ్యత ఒకరి మీద పెట్టండి. మేం గమనించినంతలో గొడవల్లో సగం, జాబితా చేరని ఐదో మనిషి స్టేజీ మీద అప్పటికప్పుడు అన్న మాట వల్లే వస్తాయి.

ఫస్టియర్ వాళ్లని మాత్రం రోస్ట్ చేయకండి, ఒప్పుకున్నా సరే. సీనియర్ అడిగితే జూనియర్ సరేననడం ఒప్పుకోలు కాదు. యూజీసీ 2009లో ర్యాగింగ్ నిబంధనలు తెచ్చింది. కులం, మతం, రంగు, రూపం, ప్రాంతం, భాష, లైంగికత, ఆర్థిక స్థితి లాంటివాటిని ఆధారం చేసుకుని తోటి విద్యార్థిని శారీరకంగా గానీ మానసికంగా గానీ వేధించడాన్ని 2016 సవరణతో వాటిలో చేర్చింది. పైన ఒళ్లు అని మేం చెప్పినదాన్నీ ఆ జాబితానూ పక్కపక్కన పెట్టి చూడండి, దాదాపు ఒకటే. ఫ్రెషర్స్ డే నాడు సరదా కావాలంటే సీనియర్లని కుర్చీలో కూర్చోబెట్టండి, మైకు ఫస్టియర్ వాళ్లకి ఇవ్వండి. దిశ మారితే అదే కార్యక్రమం కొత్తవాళ్లకి ఎంత ధైర్యమిస్తుందో మీరే చూస్తారు.

జోకు ఎక్కడ తగిలిందో హాల్లో ఎలా తెలుస్తుంది? స్టేజీ వైపు కాదు, జోకు ఎవరి మీద వేశారో ఆ మనిషి పక్క సీట్ల వైపు చూడండి. జోకు బాగా పడితే పక్కవాళ్లు ముందు నవ్వి, తర్వాత అతని వైపు తిరుగుతారు. కింది దెబ్బ అయితే ముందు అతని ముఖం చూస్తారు, ఆ తర్వాతే నవ్వాలో మానాలో తేల్చుకుంటారు. నవ్వు బదులు "ఓఓ..." అని ఒక అరుపు లేస్తుంది. దాన్ని చాలామంది యాంకర్లు హిట్ అనుకుంటారు, అది దెబ్బ చూసిన జనం చేసే చప్పుడు. ఆ మనిషి సంగతి చూడండి. సరదాగా ఉంటే ఎదురు ఏదో అనబోతాడు, నోరు తెరుస్తాడు. గాయపడితే అందరికంటే ముందే చప్పట్లు కొట్టేస్తాడు, తర్వాత ఫోన్ తీస్తాడు.

అలా జరిగిపోయినప్పుడు యాంకర్ "జస్ట్ ఫన్, సీరియస్‌గా తీసుకోకండి" అనకూడదు. దెబ్బ తిన్నవాడిదే తప్పని మైకులో చెప్పినట్టవుతుంది. "ఏంటి, ఫీలయ్యావా?" అని అక్కడే అడగడం ఇంకా ఘోరం. ఆ లైను దగ్గర ఆపేసి తర్వాతి ఐటెమ్‌కి వెళ్లిపోండి. ఆ సాయంత్రమే, రాసినవాడు ఒక్కడే వెళ్లి, ఏ వివరణా లేకుండా, తప్పయింది అని చెప్పాలి. "నా ఉద్దేశం అది కాదు" అని మొదలుపెడితే అది మళ్లీ తన గురించి చెప్పుకోవడమే.

రీల్స్ సంగతి కూడా ఒప్పుకోలులో భాగమే. మూడొందల మంది స్నేహితుల ముందు సరేనన్న మనిషి, ఊరంతా చూడటానికి సరేననలేదు. దాన్ని వేరే ప్రశ్నగా అడగండి. పెట్టమన్నా సరే, ఇరవై సెకన్ల ముక్క కోసి పెడితే అందులో తిట్టు మిగులుతుంది, అతని జవాబు పోతుంది. జవాబు లేని రోస్ట్ వీడియో పెట్టొద్దని కమిటీ తీర్మానంలో రాసుకోండి.

ఆ జవాబు కోసం సమయం కూడా ముందే కేటాయించాలి. సాధారణంగా నలుగురు రోస్టర్లు తలా ఐదు నిమిషాలనుకుని ఏడేసి నిమిషాలు తినేస్తారు, చివర్లో కూర్చున్న మనిషికి మైకు ఇచ్చేసరికి లైటింగ్ వాళ్లు తొందరపెడుతుంటారు, "రెండు మాటలు చెప్పు చాలు" అంటారు. అక్కడితో రోస్ట్ కాస్తా ఏకపక్షం తిట్టుగా ముగుస్తుంది. వచ్చే యాన్యువల్ డే షీటులో రోస్ట్ ఎదురుగా 30 నిమిషాలు అని రాసేటప్పుడు, చివరి 7 నిమిషాలు ఎవరివో కూడా అదే గీతలో రాయండి. అవి దాటిపోకుండా స్టాప్‌వాచ్ పట్టుకుని స్టేజీ పక్కన నిలబడే మనిషి పేరు దాని కింద రాయండి.

ఇట్లు,
విజయవాడ, గుంటూరుల్లో కాలేజీ స్కిట్లు రాసి, దిద్ది, రిహార్సల్ చేయించే కొందరం